ఒక్క గుటక

పాతూరులో దావూద్ తార్పాలిన్ల కొట్టు తెలియనివాళ్లుండరు. హార్బరు పడవల మీద కప్పే పట్టాలు, లారీల పట్టాలు, ఆటో టాపులు అన్నీ అక్కడే కుడతారు. రంజాన్ నెలలో ఆ కొట్టుకి ఇంకో గుర్తు కూడా ఉంటుంది. మిషను పక్కన మూత లేని పాత పాలపొడి డబ్బా కనిపిస్తుంది. రోజా, అంటే పగటి ఉపవాసం, ఉన్నంతసేపూ దావూద్ నోట్లో ఊరిన ఉమ్మి మింగడు, ఆ డబ్బాలో ఊస్తాడు. ఉమ్మి మింగితే రోజా పోదని మసీదు ఇమాము గారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. వీధిలో కుర్రాళ్లు ఆటపట్టించారు. భార్య కరీమున్నీసా విసుక్కుంది. దావూద్ ఎవరి మాటా వినలేదు. "పోదని మీకు తెల్సు. నాను మాత్రం జాగర్తగా ఉంటన్నాను. తప్పేటి?" అంటాడు. తప్పేమీ లేదు కనుక ఎవరూ జవాబు చెప్పలేకపోయేవారు.

ఆ ఏడు దావూద్ నేల మీద నడవడంలేదు. ఒక్కగానొక్క కొడుకు సాకిబ్ ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యాడు. పగలు తండ్రి పక్కనే రెండో మిషను మీద కుడతాడు. ఆ రంజాన్‌లో మొదటిసారి తమ వీధి మసీదులోనే రంజాన్ రాత్రుల్లో చేసే తరావీ నమాజు చదివించే బాధ్యత అతనికి అప్పగించారు. రోజూ రాత్రి ఇషా నమాజు తర్వాత కొంత కొంత చదువుతూ పోతే ఇరవయ్యేడో రాత్రికి గ్రంథమంతా పూర్తవుతుంది. ఆ రాత్రి తన కొడుకు గొంతులో ఆఖరి సూరా, చివరి అధ్యాయం, వినాలి. దావూద్‌కి ఇంకే కోరికా లేదు. తండ్రీ తాతా అక్షరం ముక్క రాకుండా సూదీ దారంతో బతికిపోయిన ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

నెల సగం దాటాక సాకిబ్‌కి గొంతు నొప్పి పట్టింది. జ్వరం కూడా వచ్చింది. రోజూ అంతంతసేపు చదివితే గొంతు రాసుకోదా మరి అనుకున్నారు అందరూ. వీధి చివర క్లినిక్‌లో ఒక ఇంజెక్షన్ పొడిచి మాత్రలిచ్చారు. జ్వరం దిగింది. మాత్రలు తెల్లారకముందు సహరీకీ, పొద్దుగూకాక ఇఫ్తారుకీ వేసుకున్నాడు గాని, రెండు రోజులు తిరిగేసరికి ఆ మాత్ర దిగడం కష్టమైంది. జ్వరం లేదు కదా అని మానేశాడు. నొప్పి ఎడమవైపు పూర్తిగా తగ్గి, కుడివైపే మిగిలింది. ఆ వైపు చెవిలో కూడా పోటు. నోరు సరిగా తెరుచుకోవడం లేదన్నాడు. ఖర్జూరం ముక్క పెట్టుకోవడానికే తంటాలు పడ్డాడు.

"పోనీ ఇయ్యాల రోజా మానెయ్యి నాయనా. ఒంట్లో బాగోకపోతే మానొచ్చు, తర్వాత తీర్చుకోవచ్చు గదా" అంది కరీమున్నీసా.

దావూద్‌కి ఆ సంగతి తెలియక కాదు. కొడుకు వైపు చూశాడు. సాకిబ్ తల అడ్డంగా ఊపాడు. దావూద్ గుండె పొంగింది. పొంగకుండా ఉండాల్సింది.

మరుసటి రోజు సాకిబ్ తన మిషను పక్కన కూడా ఒక డబ్బా తెచ్చి పెట్టుకున్నాడు. ఉమ్మి ఊసుకుంటున్నాడు. దావూద్ కుట్టు ఆపి చూశాడు. ఇన్నేళ్లకు తన దారిలో నడిచేవాడొకడు ఈ ఇంట్లో పుట్టాడు! బయట కూర్చున్న వాళ్లకి వినపడేలా, "సూసారా, హాఫిజ్ సాబ్ కూడా ఊత్తన్నాడు" అన్నాడు. సాకిబ్ ఏదో చెప్పబోయాడు. నోట్లో పెద్ద అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ముద్దముద్దగా వచ్చింది మాట. నొప్పికి మొహం చిట్లించి ఊరుకున్నాడు. రోజా కోసమే ఊస్తున్నాడని తండ్రి నమ్మాడు. మింగలేక ఊస్తున్నాడని ఆ కొట్టులో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రాత్రి మసీదులో సాకిబ్ నిలబడ్డాడు గాని, నమాజు మొదటి వంతు, మొదటి రకాతులోనే అక్షరాలు కలిసిపోయాయి. వెనక తప్పులు సరిదిద్దడానికి నిలబడ్డ పెద్ద హాఫిజ్ మిగతా నమాజు చదివించాడు. ఇంటికి వస్తూ దావూద్ కొడుకు భుజం మీద చెయ్యేసి, "గొంతుకి రెండ్రోజులు విశ్రాంతియ్యి. ఇరవయ్యేడుకి నువ్వే సదవాల" అన్నాడు. సాకిబ్ మెడ కుడివైపుకి వాల్చి నడుస్తున్నాడు. నిద్ర చాలక అలా ఉన్నాడనుకున్నాడు తండ్రి.

తెల్లారాక కరీమున్నీసా కొట్టుకి వచ్చి చెప్పింది. "రాత్రంతా గోడకి ఆనుకుని కూకున్నాడు. పడుకోమంటే పడుకోడు. ఒళ్లో పెట్టుకున్న తలగడంతా ఉమ్మితో తడి. సహరీకి నీళ్లు కూడా దిగలేదు. నాకు భయమేత్తంది."

"సాయంత్రం ఆ క్లినిక్‌కే తీసుకెల్తాను లే" అన్నాడు దావూద్. చేతిలో ఒక లారీ పట్టా ఉంది, అది మధ్యాహ్నానికి ఇచ్చెయ్యాలి.

సాయంత్రం అసర్ నమాజు దాటాక ఆటో సింహాద్రి వచ్చాడు, కొత్త టాపుకి కొలతలివ్వడానికి. సింహాద్రీ దావూదూ చిన్నప్పట్నుంచీ ఒక గోడకి అటొకడు ఇటొకడు పెరిగినవాళ్లు. వరస లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు. వచ్చీ రాగానే గొడవ పెట్టుకోవడం అతని అలవాటు. ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మిషనాపు బావా."

"ఏటి?"

"ఆపెహే. ఇను."

దావూద్ కాలు తీశాడు. మిషను మోత ఆగింది. దూరంగా హార్బరులో ఏదో ఓడ కూత. అదీ ఆగింది. అప్పుడు వినపడింది. సాకిబ్ స్టూలు మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, గడ్డం ముందుకు చాపి కూర్చున్నాడు. చొక్కా ముందుభాగం తడిసిపోయింది. ఊపిరి లోపలికి తీసిన ప్రతిసారీ గొంతులోంచి సన్నగా కీచుమని శబ్దం వస్తోంది. డబ్బా దాకా కూడా తల వంచలేక ఉమ్మి గడ్డం మీంచి కారిపోతోంది.

"అది ఊపిరేనా?" అన్నాడు సింహాద్రి. "కుర్రోడికి ఊపిరి ఆడట్లేదు బావా. ఎప్పట్నించి ఇలా ఉన్నాడు?"

మిషను మోతలో పొద్దుట్నుంచీ ఆ శబ్దం తన పక్కనే ఉంది.

ఆటోలో ఇద్దరి మధ్య కొడుకుని కూర్చోబెట్టుకున్నారు కరీమున్నీసా, దావూదూ. కుర్రాడు అలసిపోయి ఉన్నాడు కదా అని దావూద్ అతని తల తన ఒళ్లోకి వాల్చబోయాడు. సాకిబ్ కళ్లు పెద్దవి చేసి, రెండు చేతులతో తండ్రిని తోసేసి లేచి కూర్చున్నాడు. పుట్టిన తర్వాత తండ్రి మీద చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. ఆ తోపులో ఎంత భయం ఉందో దావూద్‌కి తెలిసింది. కరీమున్నీసా దువా చదువుతూ కొడుకు వీపు నిమరడం మొదలుపెట్టింది.

పెద్దాసుపత్రిలో క్యాజువాల్టీ వాళ్లు ఒక్కసారి చూసి చీటీ కూడా రాయకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుని పిలిపించారు. వచ్చినావిడ పేరు కీర్తన. ముప్పయ్యో ముప్పయ్యయిదో ఉంటాయి, గోదావరి యాస. వార్డు బాయ్ అప్పుడే స్ట్రెచరు తెచ్చి, "పడుకో బాబూ" అంటున్నాడు.

"పడుకోబెట్టొద్దు!" అని ఆవిడ అక్కడ్నుంచే అరిచింది. "ఎలా కూర్చున్నాడో అలాగే ఉంచండి. ఆక్సిజన్ మొహం దగ్గర పట్టుకోండి. థియేటరుకి ఫోన్ చేసి మత్తు డాక్టరు గారిని రమ్మనండి, మెడకి పెట్టే ట్యూబు సెట్టు తీసి ఉంచమని చెప్పండి."

తర్వాత సాకిబ్ ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, "నీకు అడ్డం రాను నాన్నా, చూస్తానంతే. ఎంత తెరవగలిగితే అంతే తెరువు" అంది. వేలు కూడా దూరనంత తెరిచాడు. లోపలికి ఏమీ పెట్టలేదావిడ, టార్చి వేసి చూసింది. బయట కుడి దవడ కింద వేళ్లతో తాకింది. అక్కడ మెడ ఉబ్బి గట్టిగా, ఎర్రగా ఉంది. చేతికి సెలైన్ సూది పెట్టించి మందులు మొదలుపెట్టించింది. అదంతా కానిచ్చాకే దావూద్ వైపు తిరిగింది.

"టాన్సిల్ పక్కన చీము పట్టిందండీ. కొండనాలుకని ఎడమవైపుకి నెట్టేసింది. మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం, మాట ముద్దగా రావడం అన్నీ అందుకే. ఒకటి రెండు రోజుల ముందు వచ్చుంటే కుర్చీలో కూర్చోబెట్టి, మత్తు మందు రాసి, సూదితో ఆ చీము లాగేసేదాన్ని. చాలామందికి దాంతో సరిపోతుంది. ఇప్పుడది మెడలోకి దిగింది. ఊపిరి దారి మూసుకుపోతోంది."

"మందులతో తగ్గదా అమ్మా? పెద్ద మందులు ఇయ్యండి."

"ఇచ్చాను. ఇంకా ఇస్తాను. కానీ చీము గూడు కట్టాక మందు అందులోకి సరిగ్గా వెళ్లదు. చీము బయటికి రావాల్సిందే. దానికన్నా ముందు ఊపిరికి దారి చెయ్యాలి. ముక్కులోంచి ట్యూబు వెయ్యడానికి చూస్తాం, అతను మెలకువగా ఉండగానే. వెళ్లకపోతే ఇక్కడ." ఆవిడ తన మెడ కింద, గుంట పైన వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ రంధ్రం చేస్తాం. తర్వాత లోపల్నుంచీ బయట్నుంచీ చీము తీస్తాం."

దావూద్‌కి ఆ వేలు తప్ప ఏమీ కనపడలేదు. జీవితమంతా కత్తెరతో బతికినవాడు. ఒకసారి తెగిన పట్టాని ఎంత బాగా కుట్టినా కుట్టు దగ్గర నీరు కారుతుందని అతనికి తెలుసు.

"గొంతు కోత్తారా? మా వాడు హాఫిజ్ అమ్మా. ఇరవయ్యేడో రాత్రి ఖురాన్ పూర్తి సెయ్యాల. ఒక్క వారం ఆగి..."

"ఆగడానికి టైముందా? వినండి" అందావిడ, కోపంగా కాదు. చెయ్యెత్తి మిగతావాళ్లని మాట్లాడొద్దని సైగ చేసింది. ఆ కీచు శబ్దం ఒక్కటే. కొట్టులో విన్నదానికన్నా సన్నగా ఉంది. పక్కటెముకల మధ్య చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. "శబ్దం తగ్గింది, బాగుపడుతున్నాడు అనుకునేరు. దారి ఇరుకైపోయి, గాలి వెళ్లక తగ్గుతోంది. ఇది పూర్తిగా ఆగిపోయాక నేను చేసే కోత తొందర్లో చేసే కోత. ఇప్పుడైతే కొలత చూసి చేస్తాను."

"గొంతు మళ్లీ వత్తాదా?" అని అడిగింది కరీమున్నీసా.

"ట్యూబు ఉన్నన్నాళ్లూ మాట రాదమ్మా. తీసేశాక రంధ్రం దానంతటదే మూసుకుంటుంది. స్వరపేటికని నేను ముట్టుకోను, దాని కింద కోస్తాను. మామూలుగా గొంతు తిరిగొస్తుంది. వస్తుందని ప్రమాణం మాత్రం చెయ్యలేను."

ఆ ఆఖరి మాట ఒక్కటే దావూద్ చెవిలో పడింది. నోరు తెరిచాడు. ఈలోగా సాకిబ్ చెయ్యి చాపి, నర్సు పట్టుకున్న, ఆపరేషన్‌కి ఒప్పుకునే కాగితాన్ని లాక్కున్నాడు. మేజరు కుర్రాడు, మాట రాకపోయినా తెలివిలో ఉన్నాడు. మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసేశాడు. చేసి తండ్రి వైపు చూశాడు. నాన్నా తప్పుగా అనుకోకు అన్నట్టుంది ఆ చూపు. ఊపిరాడక చచ్చిపోతూ కూడా తండ్రికి క్షమాపణ చెప్పుకుంటున్న కొడుకుని చూసి దావూద్‌కి తనంటే అసహ్యం వేసింది. వెళ్లి వాడి నుదురు ముద్దు పెట్టుకున్నాడు. "కొయ్యండమ్మా" అన్నాడు. "ఎక్కడ కావాల్సొస్తే అక్కడ కొయ్యండి."

కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు.

వరండాలో దావూద్ నోట్లో ఉమ్మి ఊరింది. అలవాటుగా చుట్టూ చూశాడు. డబ్బా లేదు. గోడ వైపు తిరిగేసరికి ఆయా ఒకావిడ, "ఓ ముసలాయనా, ఇక్కడ ఊత్తే ఫైను" అంది. మెట్లు దిగి, కాంపౌండు దాటి, రోడ్డు పక్కన ఊసి వచ్చాడు. మళ్లీ ఊరింది. మళ్లీ దిగాడు. మూడోసారి దిగుతుంటే సింహాద్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏటి బావా నీ చాదస్తం. లోపల కుర్రోడు మింగలేక చస్తంటే, నువ్వు మింగగలిగి కూడా ఊత్తన్నావు."

అనేశాక సింహాద్రే నాలిక్కరుచుకున్నాడు. దావూద్ మెట్టు మీద అలాగే నిలబడిపోయాడు. కొట్టులో రెండో డబ్బా గుర్తొచ్చింది. చూసారా అని తాను వీధికంతటికీ చూపించిన డబ్బా. వాడు ఏదో చెప్పబోయాడు. చెప్పబోయింది ఇదే. మెట్టు మీద కూలబడి భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. సింహాద్రి పక్కన కూర్చున్నాడు.

పొద్దుగూకి, రోజా విడిచే మగ్రిబ్ అజాన్ ఎక్కడో వినిపించింది. సింహాద్రి తెచ్చిన నీళ్ల సీసా దావూద్ చేతిలో ఉంది. కరీమున్నీసా ఒక ఖర్జూరం అందించింది. నీళ్లు నోట్లో పోసుకున్నాడు గాని, దిగడానికి చాలాసేపు పట్టింది.

కీర్తన బయటికి వచ్చింది. నుదుటి మీద టోపీ గీత పడి ఉంది.

"ముక్కులోంచి వెళ్లలేదండీ, వాపు అంతగా ఉంది. మెడకే పెట్టాం. మెలకువగానే ఉన్నాడు, మెడ దగ్గర మాత్రం మత్తు సూది ఇచ్చి, తల ఎత్తి ఉంచే చేశాం. ట్యూబు పడగానే ఒక్క ఊపిరి పీల్చి కళ్లు మూసుకున్నాడు. భయపడకండి, నిద్రపోయాడు. ఎన్నాళ్లకి పడుకున్నాడో పాపం. తర్వాత పూర్తి మత్తిచ్చి చీము తీశాం. చాలా ఉంది. మెడలో చిన్న గొట్టం ఉంచాం, మిగిలింది కారిపోవడానికి."

"బతుకుతాడా?"

"మెడలోంచి ఛాతీలోకి దిగలేదనే అనుకుంటున్నాను. రేపు స్కాన్ తీసి చూస్తాం. ఇప్పుడు పడుకోగలడు కదా."

స్కాన్‌లో దిగలేదు. జ్వరం నెమ్మదిగా విడిచింది. సాకిబ్ మెడలో ట్యూబు, ముక్కులో పాలు పోసే ఇంకో ట్యూబు పెట్టుకుని మంచం మీద పడి ఉండేవాడు. దగ్గితే కఫం మెడలోంచి వచ్చేది. దావూద్ మొదటిసారి చూసినప్పుడు కళ్లు తిరిగి తలుపు పట్టుకున్నాడు. తర్వాత నర్సు దగ్గర నేర్చుకుని తానే తుడిచేవాడు. రోజా ఉంటూనే వార్డులో ఉండేవాడు. కొట్టు తెరవలేదు.

ఇరవయ్యేడో రాత్రి వచ్చింది. మసీదులో పెద్ద హాఫిజ్ ఖురాన్ పూర్తి చేశాడు. సాకిబ్ కోసం దువా చేశారట, వీధంతా ఆమీన్ అన్నారట. ఇమాము గారు ఫోన్ చేసి రమ్మంటే దావూద్ వెళ్లలేదు. మంచం పక్కన తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకున్నాడు. చివర్న తలెత్తి చూస్తే సాకిబ్ పెదవులు కదులుతున్నాయి. ఆఖరి సూరా చదువుతున్నాడు. శబ్దం లేదు. మెడ దగ్గర ట్యూబులోంచి గాలి వస్తోంది, అంతే. దావూద్ కోరుకున్నది అది కాదు. అయినా పూర్తయ్యేదాకా కొడుకు పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

పండగకి ముందు ఒక మధ్యాహ్నం కీర్తన వచ్చింది. ముందురోజంతా ట్యూబుకి బిరడా పెట్టి చూశారు, ముక్కూ నోటితోనే హాయిగా ఊపిరి తీశాడు. ట్యూబు తీసి, అక్కడ దూది మడిచి ప్లాస్టర్ వేసింది. ముక్కు ట్యూబు కూడా తీసింది.

"మాట్లాడాలంటే దీని మీద వేలు గట్టిగా నొక్కు. ముందు నీళ్లు. కూర్చోబెట్టండి. కొంచెం కొంచెం, ఒక్కో గుటక. పొలమారితే ఆపెయ్యాలి."

కరీమున్నీసా గ్లాసు అందుకోబోయింది. దావూద్ ముందే తీసుకున్నాడు. తానేమో రోజా. కొడుకు వీపు వెనక చెయ్యి వేసి, గ్లాసు పెదవులకి ఆనించాడు. కొద్దిగా నీళ్లు లోపలికి వెళ్లాయి. సాకిబ్ నోరు మూశాడు. కళ్లు మూసుకున్నాడు. భయపడుతున్నాడు. మింగడమంటే ఏమిటో మరిచిపోయినట్టు నీళ్లు నోట్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"మింగు నాన్నా. ఏటీ అవదు. మింగు" అన్నాడు దావూద్.

గోరుముద్దలు పెట్టే తల్లి బిడ్డతో పాటు తానూ నోరు తెరుస్తుంది. అలాగే దావూద్ కూడా గడ్డం దించి, నోట్లో ఊరి ఉన్న ఉమ్మినంతా పోగేసి, కొడుక్కి చూపిస్తూ గుటక వేశాడు. తండ్రి కంఠం పైకి లేచి దిగడం సాకిబ్ చూశాడు. తర్వాత అతని కంఠం లేచింది, దిగింది. పొలమారలేదు.

"నాన్నా" అన్నాడు సాకిబ్, దూది మీద వేలు నొక్కుకుని. గొంతు బొంగురుగా, గాలిగా వచ్చింది. కాని వచ్చింది. తండ్రి గొంతు వైపే చూస్తున్నాడు. "నువ్వు... రోజా..."

దావూద్‌కి అప్పుడు తెలిసింది తానేం చేశాడో. కరీమున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది.

"పోదంటగా" అన్నాడు దావూద్. కళ్లు తుడుచుకోకుండానే గ్లాసు మళ్లీ కొడుకు పెదవులకి ఆనించి, ఇంకో గుటక మింగాడు.